గీత కొట్టిన పాత రేటు: కస్టమర్ నిలదీసింది, ఇప్పుడు ఏం చేయాలి?

చేనేత_సుజాత
మంగళగిరి కాటన్ చీరలు సొంత వెబ్‌సైట్‌లో అమ్ముతాను. 80 కౌంటు, నిజాం అంచు. మగ్గాల దగ్గర నుంచి నేనే తెచ్చుకుంటాను, మధ్యలో ఎవరూ లేరు. జనవరి నుంచి జూన్ 15 దాకా చీర 2,200. నూలు రేటు పెరిగాక జూన్ 16 నుంచి 2,400 చేశాను. దసరాకి 1,990 పెడదామనుకుంటే, సైట్ చేసే కుర్రాడు "2,400 కొట్టేసి 1,990 వేస్తే 17 శాతమే కనబడుతుంది మేడమ్, ఎవరూ ఆగరు, 3,600 కొట్టేద్దాం" అన్నాడు. నేనూ సరే అన్నాను. తప్పు నాదే.

సేల్ మొదలైన మూడో రోజు ఖమ్మం నుంచి ఒకామె వాట్సాప్‌లో బిల్లు ఫోటో పెట్టింది. మార్చిలో నా దగ్గరే 2,200కి కొన్న బిల్లు. కింద ఒకటే ముక్క: "అక్కా, ఈ 3,600 ఎప్పుడుంది?" జవాబు చెప్పలేకపోయాను. ఆ రాత్రే గీత తీసేశాను, మిగిలిన సేల్ మామూలుగా 1,990కే నడిపాను.

దీపావళికి మళ్లీ సేల్ పెట్టాలి. ఈసారి 2,400 కొట్టేసి 2,090 వేద్దామనుకుంటున్నాను. 2,400 నిజంగా అమ్మిన రేటే కదా. ఇదైనా సరైనదేనా?

బేగంబజార్_బాబాయ్
అమ్మా, ఆషాఢం సేల్‌లో ఊరంతా ఇదే పని. రేటు పెంచి తగ్గించడం మా తాతల నుంచి ఉంది. కస్టమర్‌కీ తెలుసు, మనకీ తెలుసు. ఒక్కామె అడిగిందని ఇంత టెన్షన్ ఎందుకు?

కొనేవాడిని_నేనే
కస్టమర్‌కి తెలుసు అనేది మీ నమ్మకం బాబాయ్. నాకు తెలిసేది కాదు. పెళ్లయిన కొత్తలో "5,000 చీర 1,800కే" అని తీసుకెళ్లి మా అత్తగారికి ఇచ్చాను. ఆవిడ అదే కొట్టులో మరుసటి వారం 1,750కి చూసింది. ఇప్పటికీ పండక్కి గుర్తుచేస్తుంది.

గుంటూరు_గోంగూర
నేను పచ్చళ్లు అమ్ముతాను. సీసా మీద ఎమ్మార్పీ 350 అని ముద్ర ఉంటుంది, నేను అమ్మేది 220. ఎమ్మార్పీ కొట్టేసి 220 వేస్తే చట్టం ప్రకారం ఏ ఇబ్బందీ లేదు. మీరూ చీర కవరు మీద ఎమ్మార్పీ 3,600 అని స్టిక్కర్ వేసుకోండి, గొడవ వదిలిపోతుంది.

జీఎస్టీ_గోపాల్
డిస్కౌంట్ బిల్లులోనే చూపిస్తే తగ్గించిన రేటు మీదే పన్ను కట్టాలి సుజాత గారూ. 3,600 మీద కట్టేశారా ఏంటి? అలా అయితే రిటర్న్ సరిచేసుకోవచ్చు.

చేనేత_సుజాత
@జీఎస్టీ_గోపాల్ అది కాదండీ నా ప్రశ్న. బిల్లు 1,990కే వేశాను, పన్ను బాగానే ఉంది.
@గుంటూరు_గోంగూర స్టిక్కర్ వేస్తే మాత్రం ఆ ఖమ్మం ఆమెకి ఏం చెప్పను? ఆమె అడిగింది ఎప్పుడు ఆ రేటుకి అమ్మావు అని.

తూనికల_రావు
తూనికలు కొలతల శాఖలో చేసి రిటైరయ్యాను. గోంగూర గారు చెప్పింది సగం నిజం, ఆ మిగతా సగమే కొంప ముంచేది.

ఎమ్మార్పీ అంటే పన్నులన్నీ కలిపి అంతకు మించి అమ్మకూడదు అని. అంతే. అది పైకప్పు, మీరు నిన్న అమ్మిన ధర కాదు. ప్యాకెట్ మీద 350 వేసి 220కి అమ్మడం తప్పు కాదు. కానీ తెర మీద 350 అని గీత కొట్టి, పక్కన ఏమీ రాయకుండా "37 శాతం తగ్గింపు" అని పెడితే చదివేవాడు ఏమనుకుంటాడు? నిన్నటిదాకా 350 ఉండేది, ఇవాళ తగ్గించారు అనుకుంటాడు. మీ సీసా ఒక్క రోజైనా 350కి అమ్ముడుపోయిందా?

2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సెక్షన్ 2(47) ఒకసారి తీరిగ్గా చదవండి. సరుకు మామూలుగా అమ్ముడయ్యే ధర గురించి జనాన్ని తప్పుదోవ పట్టించడం అనుచిత వ్యాపార పద్ధతుల జాబితాలో ఉంది. అందులోనే చాలామంది చూడని ముక్క ఇంకొకటి ఉంది. మీరు ఒక ధర చూపించి అది ఎవరి ధరో చెప్పకపోతే, బజారులో మిగతా అమ్మకందారులు మామూలుగా అమ్మే ధర అనే అర్థం తీసుకుంటారు. నా సొంత పాత ధర అని స్పష్టంగా రాస్తేనే అది మీ ధర లెక్కలోకి వస్తుంది.

అంటే సుజాతమ్మా, 3,600 అని ఊరికే గీత కొట్టి వదిలేస్తే "బజారంతా ఈ చీరని 3,600కి అమ్ముతోంది" అని మీరు చెప్పినట్టు. మీరు చెప్పాలనుకుంది అది కాకపోవచ్చు, కానీ చెప్పింది అదే.

గుంటూరు_గోంగూర
నా సీసా 350కి ఎప్పుడూ అమ్మలేదు, ఒప్పుకుంటాను. కానీ పెద్ద సైట్లలో సరుకు పెట్టాలంటే ఫారంలో ఎమ్మార్పీ ఒక గడి, అమ్మే ధర ఒక గడి. రెండూ ఒకటే పెడితే నా సీసా పక్కన తగ్గింపు కనబడదు, పక్కవాడి సీసాకి 55 శాతం కనబడుతుంది. ఎవరు కొంటారు నాది?

తూనికల_రావు
అది నిజమైన బాధే, నా దగ్గర మందు లేదు. మీ సొంత సైట్‌లో అయితే మాత్రం ఆ అంకె ముందు "ఎమ్మార్పీ" అనే మాట రాయండి, శాతం తీసేయండి. "ఎమ్మార్పీ ₹350, మా ధర ₹220". అప్పుడు అది పైకప్పు అని అర్థమవుతుంది, పాత ధర అని కాదు. గీత కూడా అక్కర్లేదు.

బేగంబజార్_బాబాయ్
రావు గారూ, ఈ సెక్షన్ మీద ఎవరినైనా పట్టుకున్నారా? మా బజారులో నలభై ఏళ్లలో ఒక్కరిని చూడలేదు.

తూనికల_రావు
బజారు కొట్టులో చెప్పిన రేటుకి సాక్ష్యం ఉండదు బాబాయ్, వెబ్‌సైట్‌లో ప్రతిదానికీ స్క్రీన్‌షాట్ ఉంటుంది. తప్పుదోవ పట్టించే ప్రకటన అయితే అదే చట్టం సెక్షన్ 21 కింద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మొదట ఆపమనో మార్చమనో చెప్పొచ్చు, 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. ఇంటి దగ్గర చీరలు అమ్ముకునే ఆమె మీదికి వస్తారని నేను అనను. కానీ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయడం మాత్రం ఎవరైనా చేయగలరు.

ఫ్రాంక్‌ఫర్ట్_ఫణి
ఇక్కడ ఈ గొడవ తేల్చేశారు. 2022 మే 28 నుంచి యూరప్‌లో, తగ్గింపు అని ప్రకటిస్తే ముందు 30 రోజుల్లో మీరు అమ్మిన అతి తక్కువ ధర చూపించాలి. ఒక సూపర్ మార్కెట్ గొలుసు తెలివిగా, ఆ తక్కువ ధరని చిన్న అక్షరాల్లో కింద వేసి, శాతం మాత్రం వేరే పెద్ద ధర మీద లెక్కగట్టింది. 2024 సెప్టెంబర్‌లో యూరప్ కోర్టు కుదరదంది. శాతం కూడా ఆ 30 రోజుల తక్కువ ధర మీదే కట్టాలని చెప్పింది.

సుజాత గారి దీపావళి ప్లాన్‌ని ఈ రూలుతో కొలిస్తే నేరుగా ఫెయిలవుతుంది. ఎందుకో చూడండి. దసరా సేల్ ఎప్పుడు ముగిసింది?

చేనేత_సుజాత
దసరా మర్నాడు. దీపావళి సేల్ దానికి సుమారు రెండు వారాల తర్వాత మొదలవుతుంది.

ఫ్రాంక్‌ఫర్ట్_ఫణి
అదీ సంగతి. దీపావళికి ముందు 30 రోజుల్లో మీ అతి తక్కువ ధర 2,400 కాదు, దసరా నాటి 1,990. మీరిప్పుడు పెట్టబోయే 2,090 దానికంటే వంద ఎక్కువ. అంటే ఇక్కడి లెక్కలో అది తగ్గింపే కాదు, పెంపు. మధ్యలో రెండు వారాలు 2,400కి తీసుకెళ్లి మళ్లీ దించుతున్నారు, అంతే.

లెక్కల_మాస్టారు
2,400 నుంచి 2,090 అంటే 310, దాదాపు 13 శాతం. 1,990 నుంచి చూస్తే 5 శాతం ఎక్కువ. ఒకే చీర, ఒకే రోజు, ఎక్కడ నిలబడి చూస్తామన్నదే తేడా.

చేనేత_సుజాత
ఇది నా బుర్రకి తట్టనే లేదు. దసరాకి కొన్నవాళ్లు ఏమీ అనరు, లాభపడ్డారు. కానీ దసరాకి చూసి "దీపావళికి ఇంకా తగ్గుతుందేమో" అని ఆగినవాళ్లు ఉంటారుగా. వాళ్లకి 2,090 చూపించి 13 శాతం తగ్గింపు అంటే…

కొనేవాడిని_నేనే
నేను ఆగే రకం. నాకైతే ఒళ్లు మండుతుంది.

బేగంబజార్_బాబాయ్
ఆగినవాడిది తప్పు. పండగ పండగకీ రేటు మారుతుంది. మామిడిపళ్లు ఏప్రిల్‌లో ఒక రేటు, జూన్‌లో ఒక రేటు. యూరప్ రూలు మనకెందుకు?

తూనికల_రావు
మన దేశంలో 30 రోజులని లెక్క కట్టిన రూలు లేదు, బాబాయ్ మాట నిజమే. మన చట్టం "మామూలుగా" అమ్మే ధర అంటుంది, రోజులు చెప్పదు. జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ చివరిదాకా, అంటే మూడున్నర నెలలు 2,400కే అమ్మారు కాబట్టి 2,400ని మీ మామూలు ధర అనడానికి ఆధారం ఉంది. నా లెక్కలో ఆ గీత చట్టానికి పెద్దగా అడ్డం రాదు. నమ్మకం సంగతి వేరు, అది ఫణి చెప్పినట్టే ఉంటుంది.

కోడ్_కిరణ్
గూగుల్ షాపింగ్‌లో చీరలు పెడుతున్నారా? వాళ్ల రూలు కూడా ఒకటుంది. వాళ్లకి పంపే సరుకుల జాబితాలో, అంటే ఫీడ్‌లో, `price`, `sale_price` రెండూ ఇస్తే, ఆ పెద్ద ధరకి గత 200 రోజుల్లో కనీసం 30 రోజులు అమ్మి ఉండాలి, వరుసగా అక్కర్లేదు. తగ్గింపు 5 శాతం కంటే ఎక్కువ, 90 కంటే తక్కువ ఉండాలి. లేకపోతే గీత కొట్టిన ధర చూపించరు. 3,600 అయితే అక్కడే దొరికిపోయేది. 2,400 నెగ్గుతుంది.

చేనేత_సుజాత
పెట్టలేదు, పెట్టాలనుంది. కిరణ్, ఈ 2,400 ఎన్ని రోజులు ఉందో నేనెలా చూపించాలి? సైట్ వూకామర్స్. పాత రేటు మార్చేస్తే పోతుంది కదా.

కోడ్_కిరణ్
పోతుంది. `Regular price` గడిలో కొత్త అంకె రాస్తే పాతదాని చరిత్ర దాచిపెట్టదు. కానీ ఆర్డర్లు అలాగే ఉంటాయి. ప్రతి ఆర్డర్‌లో ఆ రోజు ఏ రేటుకి వెళ్లిందో రాసే ఉంటుంది. అవి ఎక్స్‌పోర్ట్ చేసి తేదీ, చీర, ధర మూడు గడులు ఉంచండి చాలు. ఇకముందు రేటు మార్చిన ప్రతిసారీ అదే షీట్‌లో ఒక వరస రాయండి. రెండు నిమిషాల పని.

ఇంకో మాట. ఈ రెండంకెల్ని వూకామర్స్ ఇలా చూపిస్తుంది:

```
<del>₹2,400</del> <ins>₹2,090</ins>
```

`<del>` అనే గీత కంటికే కనిపిస్తుంది. చూపు లేనివాళ్లు వాడే చదివే సాఫ్ట్‌వేర్లు చాలావరకు గీతని పలకవు, రెండు అంకెలూ వరుసగా చదివేస్తాయి. కొత్త వెర్షన్లలో పాత ధర ఇది, ఇప్పటి ధర ఇది అని కనబడకుండా మాటలు చేర్చారు. మీ థీమ్ పాతదైతే అవి ఉండకపోవచ్చు. అందుకని ముందు ఒక మాట బయటికే రాసేయండి. "మా జూన్–సెప్టెంబర్ ధర ₹2,400" అని. రావు గారు చెప్పిన పనీ అయిపోతుంది, ఇదీ అయిపోతుంది.

చేనేత_సుజాత
ఎక్స్‌పోర్ట్ చేసి చూశాను. జూన్ 16 నుంచి సెప్టెంబర్ చివరిదాకా 2,400కి 41 చీరలు పోయాయి. కానీ రంగు రంగుకీ చూస్తే తేడా ఉంది. ఎరుపు 19, ఆకుపచ్చ 13, నీలం 7, గోధుమ రంగు రెండే. గోధుమ రంగు 2,400కి ఎవరికీ నచ్చలేదన్నమాట. దానికీ 2,400 కొట్టేయొచ్చా?

న్యూజెర్సీ_నాగమణి
అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మార్గదర్శకాల్లో దీనికి మాట ఉంది, మా అబ్బాయి కొట్టు కోసం చదివాను. ఆ ధరకి ఒక్కటీ అమ్ముడుపోకపోయినంత మాత్రాన మోసం కాదు. కానీ ఆ ధరతో సరుకుని నలుగురికీ కనబడేలా, నిజంగా అమ్మే ఉద్దేశంతో, చెప్పుకోదగ్గ కాలం పాటు ఇటీవలే పెట్టి ఉండాలి. కొట్టేయడం కోసమని పెంచి పెట్టకూడదు. మీ గోధుమ రంగు మూడున్నర నెలలు మిగతావాటి పక్కనే అదే పేజీలో ఉంది కదా.

ఫ్రాంక్‌ఫర్ట్_ఫణి
నాకు అంత నమ్మకం కుదరదు. జనం 2,400 ఇవ్వలేదంటే దాని విలువ 2,400 కాదని బజారు చెప్పినట్టే. గీత లేకుండా 2,090 వేస్తే పోయేదేముంది?

న్యూజెర్సీ_నాగమణి
విలువ గురించి కాదు బాబూ, మాట గురించి. "ఈ ధరకి అమ్మకానికి పెట్టాను" అనేది నిజమా కాదా, అంతే.

లెక్కల_మాస్టారు
ఇద్దరూ ఒప్పుకోరు, ముందుకి పోదాం.

మగ్గం_మల్లేష్
నాకూ ఇలాంటిదే. నేత తప్పు వచ్చిన చీరలు విడిగా అమ్ముతాను. అంచు దగ్గర పోగు తెగి నాలుగంగుళాలు జాలీలా కనబడుతుంది. కట్టుకుంటే కుచ్చిళ్లలో పోతుంది. మంచి చీర 2,600, ఇవి 1,500. 2,600 కొట్టేసి 1,500 వేస్తున్నాను. ఇదీ తప్పేనా?

తూనికల_రావు
తప్పు చీర ఏనాడూ 2,600 పలకలేదు మల్లేష్. 2,600 అనేది దాని అక్క ధర. గీత కొడితే "ఇదే చీర తగ్గించారు" అని వస్తుంది. "నేత తప్పు ఉంది, ఫోటో 3 చూడండి. తప్పు లేనిది ₹2,600, ఇది ₹1,500" అని రాయండి. గీత అక్కర్లేదు.

మగ్గం_మల్లేష్
పోగు తెగిన చోటు ఫోటో పెడితే కొంటారా అని భయం.

కొనేవాడిని_నేనే
పెట్టకపోతే వచ్చాక తిప్పి పంపుతారు. కొరియర్ ఖర్చు రెండువైపులా మీదే.

బేగంబజార్_బాబాయ్
ఇది మాత్రం ఒప్పుకుంటాను. మా నాన్న నేత తప్పున్న తాను వస్తే గుడ్డ విప్పి తప్పు దగ్గర వేలు పెట్టి చూపించి, తర్వాతే రేటు చెప్పేవాడు. రేటు మాత్రం రెట్టింపు చెప్పేవాడనుకోండి.

చేనేత_సుజాత
బాబాయ్ 😄 సరే, ఇంకొకటి అడిగి వదిలేస్తాను. నవంబర్‌లో కొత్త డిజైన్ వస్తోంది, చెక్స్ మీద చిన్న బుటా. ఇంతవరకు ఎక్కడా అమ్మలేదు. అసలు రేటు 2,700 అనుకుంటున్నాను, మొదటి పదిహేను రోజులు 2,350. 2,700 కొట్టేయొచ్చా?

గుంటూరు_గోంగూర
కొట్టేయొచ్చు, ఎలాగూ 2,700 చేస్తారు కదా.

ఫ్రాంక్‌ఫర్ట్_ఫణి
కొట్టేయడం అంటే గతం. 2,700 ఇంకా పుట్టలేదు.

తూనికల_రావు
"పరిచయ ధర ₹2,350, నవంబర్ 16 నుంచి ₹2,700" అని మామూలు అక్షరాల్లో రాయండి. ఒక షరతు ఉంది. 16న నిజంగా 2,700 అవ్వాలి. అమ్మకాలు బాగా లేవని ఇంకో వారం, ఇంకో వారం అని పొడిగిస్తే మొదట్లో కొన్నవాళ్లకి చెప్పింది అబద్ధమవుతుంది. తొందరపెట్టడానికి లేని గడువు చూపించడం, సైట్లలో కొనేవాళ్లని ఏమార్చే పద్ధతుల మీద 2023లో వచ్చిన డార్క్ ప్యాటర్న్ మార్గదర్శకాల్లో కూడా ఉంది.

కోడ్_కిరణ్
సైట్లలో తిరిగే గడియారం అదే. పేజీ తిరిగి తెరిస్తే మళ్లీ 02:59:59 నుంచి మొదలవుతుంది. కొందరి థీమ్‌లో అది ముందే తగిలించి వస్తుంది, ఓనర్‌కి కూడా తెలియదు. సుజాత గారూ, మీ సైట్ ఒకసారి ఫోన్‌లో రెండు సార్లు తెరిచి చూడండి.

చేనేత_సుజాత
చూశాను. ఉంది!! సేల్ అయిపోయి రెండు వారాలైనా ఇంకా తిరుగుతోంది. తీయించేశాను.

కొనేవాడిని_నేనే
ఆ కుర్రాడికి సేల్‌లో కమిషన్ ఉందా ఏమిటి?

చేనేత_సుజాత
లేదండీ, పాపం వాడికి తెలిసింది అంతే. పెద్ద సైట్లు చూసి నేర్చుకున్నాడు.

ఇదీ నా నిర్ణయం. దీపావళికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం 1,990. అంటే దసరా నాటి రేటే, ఆగినవాళ్లకి నష్టం లేకుండా. పక్కన "మా జూన్–సెప్టెంబర్ ధర ₹2,400" అని రాసి, దానికి గీత. ఎన్ని శాతమో వేయను. గోధుమ రంగుకి గీత లేదు, ఊరికే 1,890. నాగమణి గారూ, మీరు చెప్పింది తప్పని కాదు, నాకే మనసొప్పలేదు.

ఫ్రాంక్‌ఫర్ట్_ఫణి
ఎరుపుకి ఆ గీత కూడా ఇక్కడైతే చెల్లదు. ముందు 30 రోజుల్లో అతి తక్కువ ధర కూడా 1,990యే.

చేనేత_సుజాత
తెలుసు. అందుకే నెలలు రాస్తున్నాను. ఎప్పటి ధరో చూసి వాళ్లే లెక్కేసుకుంటారు.

ఫ్రాంక్‌ఫర్ట్_ఫణి
నెలలు చదివేవాళ్లు ఎంతమంది? గీత చూస్తారు, కొంటారు.

లెక్కల_మాస్టారు
ఈసారి ఫణి వైపే నేను.

బేగంబజార్_బాబాయ్
నేను అమ్మాయి వైపు. రేటు రాసింది, నెల రాసింది, ఇంకా చేతిలో అద్దం కూడా పెట్టమంటారా?

న్యూజెర్సీ_నాగమణి
సుజాతా, ఆ ఖమ్మం ఆమెకి తర్వాత ఏమైనా చెప్పారా?

చేనేత_సుజాత
నిన్న రాత్రి రాశాను. "3,600 ఎప్పుడూ లేదు చెల్లీ, తప్పు రాశాను" అని. పొద్దున జవాబొచ్చింది: "సరే అక్కా, గోధుమ రంగు ఉందా?"